ఈఎస్‌బీఎల్‌ను పట్టే డబుల్ డిస్క్ సినర్జీ పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో బెంచ్ మీద పనిచేసే టెక్నీషియన్లు, పీజీ విద్యార్థులు, మా రిపోర్టు చదివి మందు రాసే డాక్టర్లు ఈ పరీక్ష గురించి నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలివి. ఈఎస్‌బీఎల్ కనిపెట్టే పద్ధతులన్నీ ఇక్కడ లేవు. రెండు డిస్కుల మధ్య దూరం, వాటి నడుమ కనిపించే ఆకారం, ఆ ఆకారం చికిత్సను ఎలా మారుస్తుంది అన్న వాటి మీదే ఎక్కువగా రాశాను. ఎక్కువమంది తడబడేది అక్కడే.

ఈఎస్‌బీఎల్ అంటే అసలు ఏమిటి?

పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ మందులన్నిటికీ మధ్యలో బీటా-లాక్టమ్ అనే ఒక చిన్న వలయం ఉంటుంది. మందు బలమంతా దానిలోనే ఉంది. కొన్ని బ్యాక్టీరియాలు బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్ తయారుచేసి ఆ వలయాన్ని తెంపేస్తాయి. టెమ్-1, ఎస్‌హెచ్‌వీ-1 లాంటి పాత ఎంజైమ్‌లు ఆంపిసిలిన్‌ను సులువుగా పాడుచేసేవి. సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లను మాత్రం ఏమీ చేయలేకపోయేవి. ఈ మందులను తయారుచేసిందే వాటిని తట్టుకోవడానికి.

ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకే సెఫోటాక్సిమ్ రెసిస్టెన్స్ జర్మనీలో కనిపించిందని 1983లో తొలి నివేదిక వచ్చింది. దాని వెనకున్న ఎంజైమ్‌కు తర్వాత ఎస్‌హెచ్‌వీ-2 అని పేరు పెట్టారు. ఎస్‌హెచ్‌వీ-1కీ దీనికీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం: 238వ స్థానంలో గ్లైసిన్ పోయి సెరీన్ వచ్చింది. ఎంజైమ్ కోరలకు కొత్త మందులు కూడా అందడానికి ఆ ఒక్క మార్పే చాలింది. ఇలా పరిధి పెరిగిన బీటా-లాక్టమేజ్‌లే ఈఎస్‌బీఎల్‌లు. ఇప్పుడు ప్రపంచమంతటా ఎక్కువగా దొరికేవి సీటీఎక్స్-ఎం కుటుంబానివి. వీటి జీన్లు క్లూయివెరా అనే బ్యాక్టీరియా క్రోమోజోమ్ నుంచి ప్లాస్మిడ్ల మీదికి చేరి, ఈ.కోలి, క్లెబ్సియెల్లాలలో స్థిరపడ్డాయి.

మన పరీక్షకు గుర్తుంచుకోవాల్సిన లక్షణాలు రెండు. క్లావులానిక్ ఆమ్లం ఈ ఎంజైమ్‌లను పనిచేయకుండా ఆపుతుంది. సెఫాక్సిటిన్‌ను, మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లను ఇవి పాడుచేయలేవు.

రెండు డిస్కులను పక్కపక్కన పెడితే ఎంజైమ్ ఉందని ఎలా తెలుస్తుంది?

అగార్ మీద సెఫోటాక్సిమ్ డిస్క్ పెడితే మందు దాని చుట్టూ వ్యాపిస్తుంది. డిస్క్ దగ్గర గాఢత ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఈఎస్‌బీఎల్ చేసే బ్యాక్టీరియా ఆ తక్కువ గాఢతను తేలిగ్గా తినేస్తుంది కాబట్టి జోన్ చిన్నగా వస్తుంది. ఇప్పుడు దాని పక్కన క్లావులానిక్ ఆమ్లం ఉన్న డిస్క్ పెట్టామనుకోండి. రెండు డిస్కుల నడుమ ఉన్న అగార్‌లో కొంచెం సెఫోటాక్సిమ్, కొంచెం క్లావులానిక్ ఆమ్లం కలుస్తాయి. అక్కడ ఎంజైమ్ చేతులు కట్టేసినట్టే. విడిగా ఉంటే సరిపోని ఆ కొద్దిపాటి సెఫోటాక్సిమే ఇప్పుడు బ్యాక్టీరియాను ఆపగలుగుతుంది. దాంతో జోన్ ఆ వైపు మాత్రమే సాగుతుంది.

ఫ్రెంచ్ పరిశోధకులు 1988లో ఈ పద్ధతిని వివరించారు. క్లావులానిక్ ఆమ్లం మనకు విడి డిస్కుగా కాక ఆమాక్సిసిలిన్‌తో కలిసి, 20 మైక్రోగ్రాములకు 10 చొప్పున ఉన్న డిస్కులో దొరుకుతుంది. అందులోని ఆమాక్సిసిలిన్‌తో మనకు పనిలేదు, కావలసింది క్లావులానిక్ ఆమ్లమే. అందుకే ఆ డిస్క్ చుట్టూ అసలు జోనే రాకపోయినా పరీక్ష చెడిపోయినట్టు కాదు. క్లావులానిక్ ఆమ్లం కంటికి కనబడకుండా వ్యాపిస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక, జోన్ రాలేదని ప్లేట్ పారేసిన వాళ్లను చూశాను.

ప్లేట్ ఎలా వేయాలి?

మామూలు డిస్క్ డిఫ్యూజన్‌కు చేసేదే చాలావరకు. రాత్రంతా పెరిగిన ప్యూర్ కల్చర్ నుంచి కాలనీలు తీసి సెలైన్‌లో కలిపి, టర్బిడిటీ 0.5 మెక్‌ఫార్లాండ్ స్టాండర్డ్‌తో సరిపోయేలా చూసుకోవాలి. 15 నిమిషాల లోపే స్వాబ్ ముంచి, గొట్టం గోడకు నొక్కి అదనపు ద్రవం తీసేసి, 4 మి.మీ. మందం ఉన్న ముల్లర్-హింటన్ అగార్ మీద మూడు దిశల్లో రుద్దాలి. ఉపరితలం ఆరాక, మళ్లీ 15 నిమిషాల లోపే డిస్కులు పెట్టాలి.

మధ్యలో ఆమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం డిస్క్. దాని చుట్టూ సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్, సెఫెపిమ్ డిస్కులు, ఒక్కోటి 30 మైక్రోగ్రాములది. మధ్య డిస్క్ కేంద్రం నుంచి ప్రతి సెఫలోస్పోరిన్ డిస్క్ కేంద్రానికి 20 మి.మీ. తర్వాత 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు.

ఇక్కడ నేను పదే పదే చూసే తప్పు ఒకటుంది. 20 మి.మీ. అనగానే స్కేల్ తీసి ఒక డిస్క్ అంచు నుంచి రెండో డిస్క్ అంచుకు కొలుస్తారు. డిస్క్ వ్యాసం 6 మి.మీ. అంచు నుంచి అంచుకు 20 పెడితే కేంద్రాల మధ్య దూరం 26 అయిపోతుంది. కేంద్రాల మధ్య 20 రావాలంటే అంచుల మధ్య ఉండాల్సింది 14 మాత్రమే. ఆ 6 మి.మీ. తేడా వల్ల బలమైన ఈఎస్‌బీఎల్ కూడా నెగటివ్‌గా కనిపించవచ్చు.

దీనికి నేను చేసే పని చాలా సులువు. తెల్ల కాగితం మీద ప్లేట్ సైజు వృత్తం గీసి, దాని కేంద్రం దగ్గర ఒక చుక్క, చుట్టూ 20 మి.మీ. వ్యాసార్ధంతో ఇంకో వృత్తం, దాని మీద సమదూరంలో మూడు చుక్కలు పెడతాను. ప్లేట్‌ను ఆ కాగితం మీద ఉంచితే అగార్ గుండా చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క మీద ఒక్కో డిస్క్. ఇలా పెడితే సెఫలోస్పోరిన్ డిస్కులు ఒకదానికొకటి దాదాపు 35 మి.మీ. దూరంలో ఉంటాయి. డిస్క్ అగార్‌ను తాకిన క్షణం నుంచే మందు దిగడం మొదలవుతుంది, కాబట్టి పక్కకు పడినదాన్ని జరపకూడదు.

దూరం 20 మి.మీ.యే ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా పరీక్షంతా తెలిసినట్టే. జోన్‌ను వ్యాసంగా కాక వ్యాసార్ధంగా ఆలోచించండి.

ఒక ఐసోలేట్‌కు సెఫోటాక్సిమ్ జోన్ 12 మి.మీ., ఆమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం జోన్ 16 మి.మీ. అనుకుందాం. వ్యాసార్ధాలు 6, 8. రెండూ కలిపితే 14. కేంద్రాల మధ్య దూరం 20 కాబట్టి నడుమ 6 మి.మీ. మేర బ్యాక్టీరియా పెరగాలి. ఆ 6 మి.మీ. పట్టీయే మన పరీక్ష జరిగే స్థలం. అది ఖాళీ అయిందంటే రెండు మందులూ కలిసి పనిచేశాయని అర్థం.

ఇప్పుడు రెసిస్టెన్స్ తక్కువగా ఉన్న ఐసోలేట్‌ను తీసుకోండి. సెఫ్టాజిడిమ్ జోన్ 24, మధ్య డిస్క్ జోన్ 20. వ్యాసార్ధాలు 12, 10. మొత్తం 22. కేంద్రాల మధ్య ఉన్నది 20 మాత్రమే, అంటే సినర్జీ ఉన్నా లేకపోయినా రెండు జోన్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. మధ్యలో పెరుగుదల లేదు కదా అని పాజిటివ్ రాస్తే తప్పు, మామూలు వృత్తాలే కదా అని నెగటివ్ రాసినా తప్పే. ఆ ప్లేట్ ఏమీ చెప్పలేదు. 30 మి.మీ. దూరంతో మళ్లీ వేస్తే 8 మి.మీ. పట్టీ దొరుకుతుంది, అప్పుడు చూడవచ్చు.

దీనికి పూర్తి వ్యతిరేకం, సెఫలోస్పోరిన్ చుట్టూ అసలు జోనే లేని ఐసోలేట్. అక్కడ 20 మి.మీ. దూరంలో రెండు మందులూ తగినంతగా కలవకపోవచ్చు. 15 మి.మీ.కు దగ్గర చేస్తే దాగున్న ఆకారం బయటపడుతుంది.

యూరప్ మార్గదర్శకాలు ఇచ్చే యూకాస్ట్ సంస్థ చెప్పేదీ ఇదే: 30 మైక్రోగ్రాముల డిస్కులకు 20 అనుకూలం, రెసిస్టెన్స్ మరీ ఎక్కువైతే 15, తక్కువైతే 30. మీ ల్యాబ్‌లో 5 మైక్రోగ్రాముల సెఫోటాక్సిమ్, 10 మైక్రోగ్రాముల సెఫ్టాజిడిమ్ డిస్కులు వాడుతుంటే ఈ దూరాలు యథాతథంగా పనికొస్తాయని అనుకోకండి. మందు తగ్గితే అది చేరే దూరం కూడా తగ్గుతుంది. తెలిసిన పాజిటివ్ స్ట్రెయిన్లతో మీ డిస్కులకు సరిపోయే దూరాన్ని ముందే తేల్చుకోవాలి.

ఏది పాజిటివ్? ప్లేట్‌ను ఎలా చదవాలి?

కొలత కన్నా ముందు ఆకారం చూడాలి. సెఫలోస్పోరిన్ జోన్ ఒక వైపు గుండ్రంగా ఉండి, మధ్య డిస్క్ వైపు మాత్రం ఉబ్బినా, సాగినా పాజిటివ్. సాగిన జోన్ మధ్య డిస్క్ జోన్‌తో కలిసిపోతే తాళంచెవి దూర్చే కన్నంలా కనిపిస్తుంది. బెంచ్ మీద అందరూ కీహోల్ అనేది దీన్నే. ఇంకో రూపం కూడా ఉంది. రెండు జోన్లూ మామూలుగానే ఉండి, వాటి నడుమ పెరుగుదలలో చిన్న ఖాళీ మచ్చ విడిగా కనిపిస్తుంది. అదీ పాజిటివే, కానీ తొందరగా చూస్తే కంటికి ఆనదు.

ప్లేట్‌ను నల్లటి ఉపరితలం మీద పెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. లైట్‌కు ఎదురుగా పైకెత్తి చూస్తే పలచని అంచులు మాయమైపోతాయి. మూడు సెఫలోస్పోరిన్లలో ఏ ఒక్కదాని దగ్గర సినర్జీ కనిపించినా ఫలితం పాజిటివే.

సెఫోటాక్సిమ్ ఒక్కటే పెడితే చాలదా?

చాలదు. సీటీఎక్స్-ఎం ఎంజైమ్‌లు ఎక్కువగా సెఫోటాక్సిమ్‌ను పాడుచేస్తాయి, పేరు వచ్చింది కూడా అందుకే. టెమ్, ఎస్‌హెచ్‌వీ రకాల్లో చాలావాటికి సెఫ్టాజిడిమ్ మీద మక్కువ. ఒక్క మందే పెడితే ఏదో ఒక రకం తప్పించుకుంటుంది. సెఫెపిమ్ ఎందుకన్నది ఆంప్‌సీ గురించిన ప్రశ్నలో చెబుతాను.

ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా చెప్పగలరా?

కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో, చలి జ్వరంతో చేరిన ఒక పెద్దావిడ. సెఫ్‌ట్రియాక్సోన్ మొదలుపెట్టారు. రెండో రోజుకూ జ్వరం దిగలేదు, బీపీ తగ్గుతూ వచ్చింది. బ్లడ్ కల్చర్‌లో గ్రామ్ నెగటివ్ రాడ్స్, గుర్తిస్తే క్లెబ్సియెల్లా న్యుమోనియే.

మామూలు సెన్సిటివిటీ ప్లేట్ మీద సెఫోటాక్సిమ్ 13 మి.మీ., సెఫ్టాజిడిమ్ 20, సెఫాక్సిటిన్ 22, ఆమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం 16, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ 22, మెరోపెనెమ్ 27 వచ్చాయి. అమెరికా ప్రమాణాలిచ్చే సీఎల్‌ఎస్‌ఐ లెక్కలో సెఫోటాక్సిమ్ 27 గానీ అంతకన్నా తక్కువ గానీ, సెఫ్టాజిడిమ్ 22 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఈఎస్‌బీఎల్‌ను అనుమానించాలి. ఇక్కడ రెండూ ఆ గీత కిందే ఉన్నాయి. సెఫాక్సిటిన్ బాగా పనిచేస్తోంది, మెరోపెనెమ్ కూడా. ఈ కలయిక చూడగానే సీటీఎక్స్-ఎం రకం గుర్తుకొస్తుంది.

డబుల్ డిస్క్ ప్లేట్ 20 మి.మీ. దూరంతో వేశాం. సెఫోటాక్సిమ్ వైపు వ్యాసార్ధాలు ఆరున్నర, ఎనిమిది. నడుమ ఐదున్నర మి.మీ. పెరుగుదల ఉండాలి. మర్నాడు చూస్తే అక్కడ ఒక్క గీత కూడా లేదు. సెఫోటాక్సిమ్ జోన్ మిగతా వైపులా గుండ్రంగానే ఉండి, మధ్య డిస్క్ వైపు మెడ చాచినట్టు సాగి దానితో కలిసిపోయింది. సెఫ్టాజిడిమ్ వైపు మాత్రం అంత స్పష్టంగా లేదు. అక్కడ పది, ఎనిమిది కలిపి 18, మిగిలింది 2 మి.మీ. మాత్రమే. ఆ సందులో ఏదైనా నిర్ధారించడం కష్టం. సెఫోటాక్సిమ్ వైపు చూసి పాజిటివ్ అన్నాం.

అయితే వార్డుకు ఫోన్ చేయడానికి మేం ఈ కీహోల్ కోసం ఆగలేదు. ముందు రోజు సెన్సిటివిటీ ప్లేట్ చదవగానే సెఫ్‌ట్రియాక్సోన్ పనిచేయదని చెప్పేశాం. ఆ పూటే మెరోపెనెమ్‌కు మార్చారు. 2 రోజుల్లో జ్వరం తగ్గింది, రక్తం స్టెరైల్ అయింది. ఐసోలేట్ కోట్రైమాక్సజోల్‌కు ససెప్టిబుల్ కాబట్టి, ఆవిడ నోటితో తినగలిగే స్థితికి వచ్చాక ఆ మాత్రలతో కోర్సు పూర్తిచేశారు. కార్బపెనెమ్‌తో మొదలుపెట్టినంత మాత్రాన చివరిదాకా దానితోనే ఉండాల్సిన పనిలేదు.

సెఫలోస్పోరిన్లు అన్నిటికీ రెసిస్టెంట్, కానీ కీహోల్ రాలేదు. అంటే ఈఎస్‌బీఎల్ లేనట్టేనా?

అలా అనలేం. ఈ పొరపాటు నేనే చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక క్లెబ్సియెల్లా. సెఫోటాక్సిమ్‌కు జోనే లేదు. సెఫ్టాజిడిమ్‌కూ లేదు. ఆమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లానికి 9 మి.మీ. డబుల్ డిస్క్ ప్లేట్ మీద ఎక్కడా ఉబ్బు లేదు. అప్పట్లో నేను సెఫెపిమ్ డిస్క్ పెట్టేవాణ్ని కాదు. నెగటివ్ అని రాసి సంతకం పెట్టేశాను. వారం తర్వాత అదే వార్డు నుంచి అలాంటిదే ఇంకొకటి వచ్చింది. అప్పుడు గాని నా కళ్లు సెఫాక్సిటిన్ మీద పడలేదు. జోన్ 6 మి.మీ., అంటే డిస్క్ సైజే. మామూలు ఈఎస్‌బీఎల్ సెఫాక్సిటిన్‌ను ఏమీ చేయలేదు. అంటే ఇంకో ఎంజైమ్ కూడా ఉంది.

అది ఆంప్‌సీ. ఇది కూడా మూడో తరం సెఫలోస్పోరిన్లను పాడుచేస్తుంది, పైగా సెఫాక్సిటిన్‌నూ వదలదు, క్లావులానిక్ ఆమ్లానికి లొంగదు. రెండు ఎంజైమ్‌లూ ఒకే బ్యాక్టీరియాలో ఉంటే, క్లావులానిక్ ఆమ్లం ఈఎస్‌బీఎల్‌ను ఆపినా ఆంప్‌సీ సెఫోటాక్సిమ్‌ను తినేస్తూనే ఉంటుంది. జోన్ సాగదు. ఎంటెరోబాక్టర్ లాంటి వాటిలో ఇంకో చిక్కు: క్లావులానిక్ ఆమ్లమే క్రోమోజోమ్‌లోని ఆంప్‌సీని రెచ్చగొట్టి ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది.

సెఫెపిమ్ ఇక్కడే పనికొస్తుంది. ఆంప్‌సీ దాన్ని అంత సులువుగా పాడుచేయలేదు, ఈఎస్‌బీఎల్ చేయగలదు. కాబట్టి సెఫెపిమ్ చుట్టూ ఉన్న జోన్ ఎంత ఉంటుందో ఎక్కువగా ఈఎస్‌బీఎల్ మీదే ఆధారపడుతుంది, దాన్ని క్లావులానిక్ ఆమ్లం ఆపగానే ఉబ్బు కనిపిస్తుంది. దాచి ఉంచిన ఆ రెండు ఐసోలేట్లకూ సెఫెపిమ్‌తో మళ్లీ వేస్తే మధ్య డిస్క్ వైపు స్పష్టమైన ఉబ్బు వచ్చింది. మరో దారి, అగార్‌లో క్లాక్ససిలిన్ కలపడం. అది ఆంప్‌సీని ఆపుతుంది. ఆ మీడియా మీద అదే పరీక్ష వేస్తే సెఫోటాక్సిమ్ దగ్గర కూడా కీహోల్ బయటపడుతుంది. మొదటి రిపోర్టును సరిచేసి పంపాను. అప్పటి నుంచి సెఫాక్సిటిన్ చూడకుండా నెగటివ్ అని రాయడం మానేశాను.

కార్బపెనెమ్‌లను పాడుచేసే ఎంజైమ్ ఉన్నా ఈ పరీక్ష ఇలాగే మూగబోవచ్చు. మెరోపెనెమ్ జోన్ తగ్గి ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి, ఈఎస్‌బీఎల్ ప్రశ్న తర్వాత.

ఉబ్బు కనిపించినా ఈఎస్‌బీఎల్ కాని సందర్భాలు ఉంటాయా?

ఉంటాయి. అందరికీ తెలియాల్సినది క్లెబ్సియెల్లా ఆక్సిటోకా. దాని క్రోమోజోమ్‌లోనే కే-1 అనే ఎంజైమ్ ఉంటుంది. అది మోతాదు మించి తయారైతే సెఫోటాక్సిమ్, సెఫెపిమ్‌ల దగ్గర సినర్జీ కనిపిస్తుంది, సెఫ్టాజిడిమ్ దగ్గర మాత్రం ఉండదు. సెఫ్టాజిడిమ్ జోన్ పెద్దదిగా ఉండి, అజ్‌ట్రియోనామ్‌కు బాగా రెసిస్టెన్స్ ఉంటే కే-1 గుర్తుకురావాలి.

సూడోమోనాస్, అసినెటోబాక్టర్, స్టెనోట్రోఫోమోనాస్‌లకు ఈ పరీక్షను నమ్ముకోవద్దు. స్టెనోట్రోఫోమోనాస్‌కు సొంతంగానే క్లావులానిక్ ఆమ్లానికి లొంగే ఎంజైమ్ ఉంది, కాబట్టి ఉత్తినే పాజిటివ్ చూపుతుంది. గ్రామ్ నెగటివ్ రాడ్ అని తెలియగానే డిస్కులు పేర్చేయకుండా, ఆక్సిడేజ్ చూసి, అది ఏ జాతో తేల్చుకున్నాకే పరీక్ష వేయాలి.

కంట్రోల్‌గా ఏ స్ట్రెయిన్లు వాడాలి?

పాజిటివ్‌కు క్లెబ్సియెల్లా న్యుమోనియే ఏటీసీసీ 700603, నెగటివ్‌కు ఈ.కోలి ఏటీసీసీ 25922. మొదటిదానిలో ఉండేది ఎస్‌హెచ్‌వీ-18. దాని దగ్గర కీహోల్ రావడం మానేస్తే మొదట అనుమానించాల్సింది ఆమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆమ్లం డిస్కులనే. క్లావులానిక్ ఆమ్లం తేమకు, వేడికి త్వరగా పాడవుతుంది. ఫ్రీజర్ నుంచి తీసిన కార్ట్రిడ్జ్‌ను గది వేడికి రాకముందే తెరిస్తే లోపల నీటి చెమ్మ పట్టి డిస్కులు మెల్లగా చస్తాయి. చూడటానికి కొత్తవాటిలాగే ఉంటాయి.

కంబైన్డ్ డిస్క్ పరీక్ష ఉండగా ఇది ఎందుకు?

కంబైన్డ్ డిస్క్ పద్ధతిలో సెఫోటాక్సిమ్ డిస్క్ ఒకటి, సెఫోటాక్సిమ్‌కు క్లావులానిక్ ఆమ్లం కలిపిన డిస్క్ ఒకటి దూరంగా పెట్టి, జోన్ల తేడా 5 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే పాజిటివ్ అంటాం. సెఫ్టాజిడిమ్‌తోనూ అలాగే. అందులో దూరం గొడవ లేదు, చదివేవాళ్ల కన్ను మీద ఆధారపడటం తక్కువ. రోజూ చాలా ఐసోలేట్లు చూసే ల్యాబ్‌కు నేను దాన్నే చెబుతాను. డబుల్ డిస్క్‌కు విడి డిస్కులు కొనక్కర్లేదు, పైగా మామూలు సెన్సిటివిటీ ప్లేట్ మీదే డిస్కులను ఆలోచించి పేరిస్తే అదే రోజు ఫలితం తెలుస్తుంది. అంతకు మించి, రెండు ఎంజైమ్‌లు పెనవేసుకున్నప్పుడు 5 మి.మీ. లెక్క ఏమీ చెప్పని చోట ఆకారం ఏదో ఒక ఆధారం ఇస్తుంది.

2010 తర్వాత ఈ పరీక్ష అవసరం లేదన్నారు కదా?

అన్నది కొంచెం వేరు. అంతకుముందు సెఫ్‌ట్రియాక్సోన్ ఎంఐసీ 8 వరకు ఉన్నా ససెప్టిబుల్ అనేవారు. ఈఎస్‌బీఎల్ ఉన్న ఐసోలేట్లు కూడా ఆ గీత లోపల ఇమిడిపోయేవి, చికిత్స విఫలమయ్యేది. అందుకని పరీక్ష చేసి, పాజిటివ్ అయితే పెనిసిలిన్లు, సెఫలోస్పోరిన్లు, అజ్‌ట్రియోనామ్ అన్నిటినీ రెసిస్టెంట్‌గా మార్చి రాసేవాళ్లం. 2010లో సీఎల్‌ఎస్‌ఐ ఆ గీతను 1కి దించింది. కొత్త గీతతో ఈఎస్‌బీఎల్ ఐసోలేట్లు చాలావరకు వాటంతటవే రెసిస్టెంట్ అయిపోతాయి కాబట్టి, రిపోర్టు మార్చడానికి పరీక్ష తప్పనిసరి కాదన్నారు.

ఇన్ఫెక్షన్ కంట్రోల్ కోసం, వార్డులో వ్యాప్తిని కనిపెట్టడం కోసం పరీక్ష అవసరం అలాగే ఉంది. ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. పాత పట్టికనే గోడకు అంటించుకుని చదువుతూ, ఈఎస్‌బీఎల్ పరీక్ష మాత్రం మానేసిన ల్యాబ్ ఉంటే, అక్కడ రోగికి రెండు వైపులా రక్షణ పోయినట్టే.

పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ ససెప్టిబుల్ అని వచ్చింది. కార్బపెనెమ్ ఎందుకు?

రక్తంలో ఇన్ఫెక్షన్ అయితే ఈ ప్రశ్నకు మంచి ఆధారం ఉంది. మెరినో అనే ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగని, పైపెరాసిలిన్-టాజోబాక్టమ్‌కు లొంగే ఈ.కోలి లేదా క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్న రోగులను రెండు గుంపులుగా చేశారు. మెరోపెనెమ్ ఇచ్చిన 191 మందిలో 30 రోజుల్లో 7గురు చనిపోయారు. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చిన 187 మందిలో 23 మంది. శాతాల్లో 3.7, 12.3. ఐసోలేట్లలో కొన్నిటి ఎంఐసీ మొదట చదివినదానికన్నా నిజానికి ఎక్కువని తర్వాతి విశ్లేషణలో తేలింది, తేడాలో కొంత భాగం దానివల్ల కావచ్చు. అది కూడా ల్యాబ్‌కు పాఠమే: ఈ మందుకు మనం ఇచ్చే ససెప్టిబుల్ అన్న మాట అంత గట్టిది కాదు.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. ల్యాబ్‌లో ఎంఐసీ చూసేటప్పుడు మిల్లీలీటరుకు 5 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి. చీము గడ్డలోనో, ఊపిరితిత్తుల్లోనో దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. బ్యాక్టీరియా పెరిగితే ఎంజైమ్ పెరుగుతుంది, మందు చాలదు. సెఫెపిమ్‌కూ ఇదే ఇబ్బంది. అందుకే ఈఎస్‌బీఎల్ అని తేలాక, రిపోర్టులో సెఫెపిమ్ ససెప్టిబుల్ అని ఉన్నా తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు దాన్ని నమ్ముకోకూడదు.

అయితే ఈఎస్‌బీఎల్ అని చూడగానే అందరికీ మెరోపెనెమేనా?

కాదు. ఈ రిపోర్టు చూసి టెన్షన్ పడి, మూత్రంలో మంట తప్ప ఇంకేమీ లేని మనిషికి కూడా కార్బపెనెమ్ రాయడం జరుగుతోంది. మూత్రాశయానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యూరాంటోయిన్, ససెప్టిబుల్ అయితే కోట్రైమాక్సజోల్, ఈ.కోలి అయితే ఫాస్ఫోమైసిన్ నోటితోనే సరిపోతాయి. మూత్రంలో మందు బాగా పేరుకుంటుంది. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ కిడ్నీ కణజాలంలో, రక్తంలో అంతగా చేరవు కాబట్టి, జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే వాటితో సరిపెట్టకూడదు. అక్కడ ససెప్టిబుల్ అయితే కోట్రైమాక్సజోల్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్, కాకపోతే ఇంజెక్షన్ కార్బపెనెమ్.

లక్షణాలేవీ లేకుండా కల్చర్‌లో మాత్రమే ఈఎస్‌బీఎల్ కనిపిస్తే, గర్భిణులను, మూత్రనాళం లోపల సర్జరీకి వెళ్లేవాళ్లను మినహాయిస్తే, యాంటీబయాటిక్ అవసరం లేదు.

రిపోర్టులో ఏమని రాయాలి?

పాజిటివ్ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. నేను రాసేది ఇలా ఉంటుంది: "క్లెబ్సియెల్లా న్యుమోనియే, ఈఎస్‌బీఎల్ ఉత్పత్తి చేస్తోంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో పైపెరాసిలిన్-టాజోబాక్టమ్, సెఫెపిమ్ ససెప్టిబుల్‌గా కనిపించినా వాటి మీద ఆధారపడవద్దు. కాంటాక్ట్ జాగ్రత్తలు పాటించండి." సినర్జీ కనిపించక, సెఫాక్సిటిన్ కూడా రెసిస్టెంట్ అయితే నెగటివ్ అని రాయను. "ఆంప్‌సీ అనుమానం, ఈఎస్‌బీఎల్ ఉందో లేదో ఈ పరీక్షతో తేల్చలేం" అని రాసి, వార్డుకు ఫోన్ చేస్తాను.